‘అలకొద్దు’ అన్న క్యాసెట్టు

అనంతగిరి దాటి అరకు వైపు పోయే రోడ్డు పక్కన ఒక పాత కాఫీ గోదాము ఉండేది. అందులో గింజలు నిలవ చేయడం మానేశాక ఒక స్వచ్ఛంద సంస్థ ముందు భాగాన్ని ఆఫీసు చేసుకుని, వెనక గదిని రికార్డింగు గది చేసింది. గదంటే గొప్ప గదేమీ కాదు. మాట గోడలకు తగిలి మోగకుండా గోనె సంచులు, వాటి మీద పాత బొంతలు మేకులతో కొట్టారు. పైన మాత్రం రేకులే. చినుకు పడిందంటే ఆవాలు పేలినట్టు ఒకటే చప్పుడు. అప్పుడు కనక మైకు కట్టేసి, అరుగు మీద కూర్చుని, వాన వెలిసేదాకా పాత క్యాసెట్ల రీళ్లు పెన్సిలుతో బిగిస్తూ ఉండేది.

ఇరవై ఆరేళ్ల కనకే ఆ గదికి రాణి, కూలి రెండూను. కొండదొర తెగ పిల్ల. పైనున్న ఊళ్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివింది. సంస్థలో మొదట రాత్రి బడి చెప్పడానికి చేరింది. ఒకసారి ఊళ్లో మీటింగు జరుగుతుండగా మైకు కీచుమని అరిచింది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. కనక లేచి మైకు పట్టుకున్నావిడను రెండడుగులు పక్కకు జరిపింది, అరుపు ఆగిపోయింది. ‘నీకెలా తెలిసింది?’ అని సంస్థవాళ్లు అడిగితే, ‘మైకు మొహం అరిసే గొట్టం వైపున్నాది కదా సార్’ అంది. ఆ ఒక్క మాటకు ఆమెను రెండు వారాల శిక్షణకు విశాఖపట్నం పంపారు. వచ్చేటప్పుడు మూడు టేపురికార్డర్లూ, నాలుగు జారుడు మీటలున్న ఒక చిన్న మిక్సరూ వెంట వచ్చాయి. ఆ మీటల్ని ఫేడర్లనేవారు. పైకి తోస్తే శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. మిక్సరు నుదుటి మీద ముల్లున్న మీటరు ఒకటి. శబ్దం ఎంత ఉందో ఆ ముల్లు ఊగి చెబుతుంది.

ఇది 2001 నాటి సంగతి.

ఆ ఏడు మే నెలలో ఊళ్లలో దోమల మందు కొట్టే పని మొదలైంది. జట్లు వచ్చి ఇళ్లలో గోడలకు మందు కొట్టి పోతాయి. గోడ మీద వాలిన దోమ ఆ మందు తగిలి చావాలి. కానీ ఆ మందుకు తెల్లటి చారలు పడతాయి, వాసన వస్తుంది. శుభ్రమైన ఇల్లాలు ఎవరూ ఆ చారలను చూస్తూ ఊరుకోలేరు. వారం తిరగకముందే ఎర్రమట్టి కలిపి గోడలు అలికేస్తారు. మందంతా మట్టి కింద పడిపోతుంది. అందుకని ఈసారి మందు కొట్టే జట్టుకు ముందే జీపు మీద గొట్టం మైకు పెట్టి, సంతల్లోనూ ఊళ్లలోనూ ఒక క్యాసెట్టు వినిపించాలని సంస్థ తలపెట్టింది.

క్యాసెట్టుకు గొంతు తవిటమ్మది. ఆమె ఊళ్లో ఆరోగ్య కార్యకర్త. నలభై ఏళ్లుంటాయి. మూడేళ్ల కిందట ఆమె కూతురు మెదడుకెక్కిన మలేరియా జ్వరంతో రెండు రోజుల్లో పోయింది. అందుకే ఆ మాటలు ఆమె చేతే చెప్పించాలని అందరూ అనుకున్నారు. కాగితం చూసి చదవలేదు. ఎదురుగా పక్కింటి మనిషిని కూర్చోబెట్టుకున్నట్టు చెప్పింది. మంచి గొంతు. కాకపోతే ప్రతి మాటా గట్టిగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి ఊపిరి తగ్గించేసేది. ‘మందు కొట్టినాక మూడు నెలలు గోడలు అలకొద్దు’ అంటే, ‘మందు కొట్టినాక’ అన్నది గదంతా నిండేది, ‘అలకొద్దు’ అన్నది ఆమె ఒళ్లో పడేది.

సంగీతం భీముడిది. మోరి ఊదే ముసలాయన. మోరి అంటే సన్నాయి జాతి వాయిద్యమే, కాస్త పొట్టిది, గొంతు మరీ పదునైనది. కొండకు ఈవల ఊదితే ఆవల మేకల వాళ్లు తలెత్తి చూస్తారు. ఆయన పక్కన ఇద్దరు తుడుం వాయించారు. రికార్డు చేసే రోజు భీముడు కొత్త పంచె కట్టుకు వచ్చాడు. బొంతలు కొట్టిన గోడలు చూసి, ‘ఇదేటే, నా ఊదుడుకి చలేస్తాదా?’ అని నవ్వాడు. అరగంట పాటు కళ్లు మూసుకుని ఊదాడు.

సంస్థకు పెద్ద సర్వేశ్వరరావు. సాలూరు మనిషి, కొండల్లో పదిహేనేళ్లుగా ఉన్నవాడు, మంచివాడు. క్యాసెట్టు మాటలు రాసిందీ ఆయనే. మిక్సింగు రోజున కనక పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

పని ఇలా సాగింది. ఒక టేపురికార్డరులో తవిటమ్మ గొంతు, ఇంకోదానిలో భీముడి మోరి. రెండూ మిక్సరులోకి వస్తాయి, కలిసి మూడోదానిలో రికార్డవుతాయి. కనక కుడిచేయి ఎప్పుడూ మోరి ఫేడరు మీదే. గొంతు వచ్చినప్పుడు మోరిని దించాలి, గొంతు ఆగినప్పుడు లేపాలి. విశాఖపట్నంలో ఆమెకు నేర్పింది అదే. కనక మొదట చాలా దించింది.

“అంత తగ్గిస్తే ఎలాగమ్మా?” అన్నాడు సర్వేశ్వరరావు. “సంతలో వెయ్యి మంది గోలలో తిరుగుతుంటారు. మోరి వినబడితేనే కదా తలతిప్పి చూసేది. ఇంకొంచెం పెంచు.”

అదీ నిజమేననిపించింది కనకకు. పెంచింది. తవిటమ్మ వాక్యం ముగించే చోట్లు అప్పటికి కనకకు కంఠతా వచ్చేశాయి. వాక్యం అయిపోవస్తోందనగానే చేయి తనంతట తానే ఫేడరును పైకి తోసేది. మోరి పొంగి వచ్చేది. వినడానికి భలే అందంగా ఉంది. అందరూ విన్నారు. తవిటమ్మ విని కళ్లు తుడుచుకుంది. భీముడు విని తొడ మీద చరిచాడు. సర్వేశ్వరరావు, “ప్రతి మాటా ముత్యంలా ఉంది” అన్నాడు. క్యాసెట్టుకు ఆరు నకళ్లు తీశారు. జీపు కదిలింది.

క్యాసెట్టుకు మంచి పేరొచ్చింది. సంతల్లో జనం జీపు చుట్టూ మూగారని డ్రైవరు చెప్పాడు. రెండు చోట్ల ఆడవాళ్లు చేతులు కలిపి అడుగులు కూడా వేశారట.

మూడు వారాల తర్వాత కనక తన ఊరికి వెళ్లింది. పిన్నమ్మ సోములమ్మ ఇంటి ముందు ఎర్రమట్టి కుప్ప. సోములమ్మ మోకాళ్ల దాకా చీర ఎగగట్టి, బకెట్లో మట్టి కలుపుకుని, లోపలి గోడ మొత్తం అలికేసింది. చివరి మూల ఒక్కటే మిగిలింది. అక్కడ తెల్లటి మందు చారలు ఇంకా కనిపిస్తున్నాయి.

“పిన్నమ్మా, ఏటి సేత్తన్నావు!” కనక గుమ్మంలోనే నిలబడిపోయింది. “మందు కొట్టి ఎన్నాళ్లయినాది?”

“పది రోజులయినాది. అలుకుతున్నాను కదే. కాస్త పట్టు, బేగి అయిపోతాది.”

“అలకొద్దని క్యాసెట్టులో సెప్పినాం కదా!”

సోములమ్మ మట్టి చేతులతోనే తిరిగి చూసింది. ఆ మొహంలో తప్పు చేసిన జాడ ఏమాత్రం లేదు. “అలకమనే కదే సెప్పినాది తవిటమ్మ! మందు కొట్టినాక మూడు నెలలు గోడలు అలకాలని. నాను సెవులారా ఇన్నాను. సంతలో జీపు కాడ నిలబడి ఇన్నాను. అందుకే కదా నడుం నొప్పి పెడతన్నా అలుకుతున్నాను. ఇంకా రెండున్నర నెలలు అలకాల.”

కనక పక్కిళ్లకు వెళ్లింది. పదకొండు ఇళ్లలో ఏడు అలికి ఉన్నాయి. అందులో మూడిళ్ల వాళ్లు ఎప్పటిలాగే చారలు చూడలేక అలుక్కున్నారు. నాలుగిళ్ల వాళ్లు మాత్రం తవిటమ్మ చెప్పిందని అలికారు. చెప్పిన మాట విన్నందుకే వాళ్ల గోడల మీద మందు పోయింది. కనక తిరిగి వచ్చి సోములమ్మ అరుగు మీద కూలబడింది. సోములమ్మే జావ తెచ్చి ఇచ్చి, “నానేటైనా తప్పు సేసినానేటే?” అని అడిగింది.

“నువ్వు కాదు పిన్నమ్మా,” అంది కనక.

మర్నాడు తిన్నగా గదికి వచ్చింది. క్యాసెట్టు పెట్టి హెడ్‌ఫోను తగిలించుకుని వింది. ‘గోడలు అలకొద్దు.’ స్పష్టంగా వినబడింది. మళ్లీ వింది. మళ్లీ వినబడింది. తన చెవుల మీద తనకే అనుమానం వచ్చింది. వినబడుతోందా, లేక తెలిసిన మాట కాబట్టి తన మనసే పూరించుకుంటోందా?

చెవిని నమ్మడం మానేసి ముల్లును అడిగింది. మోరి ఫేడరు పూర్తిగా దించేసి, తవిటమ్మ గొంతు ఒక్కటే నడిపింది. ‘మందు కొట్టినాక’ అన్నచోట ముల్లు సున్నా దాకా పోయింది. ఉండవలసింది అక్కడే. అంతకు మించితే ఎర్ర గీత, గొంతు బొంగురుపోతుంది. ‘అలకొద్దు’ దగ్గరకొచ్చేసరికి ముల్లు జారి జారి, సున్నాకు పది గీతలు కిందికి పడిపోయింది. కాగితం మీద రాసుకుంది. తర్వాత గొంతు ఫేడరు దించేసి, మాటల కింద మోరిని ఎక్కడ పెట్టిందో అక్కడే పెట్టి, మోరి ఒక్కటే నడిపింది. ముల్లు సున్నాకు ఏడు గీతలు కింద నిలబడింది.

మాట పది కింద, మోరి ఏడు కింద. అంటే ‘వద్దు’ అనే చోట మాట కంటే మోరే పైనుంది. పైగా అదే క్షణంలో తన చేయి తొందరపడి ఫేడరును ఇంకా పైకి తోసింది. ఇంక ‘వద్దు’ ఎక్కడ మిగులుతుంది? మన భాషలో చెయ్యమన్నా, చెయ్యొద్దన్నా తేడా అంతా మాట చివరే. ఆ చివరే మునిగిపోయింది.

సర్వేశ్వరరావుకు చెబితే ఆయన ఒప్పుకోలేదు. కోపంగా కాదు, నొచ్చుకుంటూనే అన్నాడు. “నేను పదిసార్లు విన్నానమ్మా. శుభ్రంగా ఉంది. సోములమ్మ ఎవరితోనో కబుర్లు చెబుతూ సగం విని ఉంటుంది.”

“మీరు రాసిన మాటలు కదా సార్, మీకు వినబడతాది. తెలీని మాటయితే?”

“అంటే?”

“ఒక్కరోజు టైమివ్వండి సార్.”

ఆ మధ్యాహ్నం తవిటమ్మను పిలిపించి, ఆరు కొత్త మాటలు చెప్పించింది. సర్వేశ్వరరావుకు అవి తెలియవు. వాటి కింద మోరిని ముందులాగే, అదే ఏడు గీతల దగ్గర పెట్టి, అదే తొందరతో లేపుతూ కలిపింది. మర్నాడు పొద్దున్న జీపును ఆవరణలో నిలబెట్టి, టేపురికార్డరును గొట్టం మైకుకు తగిలించింది. సర్వేశ్వరరావును యాభై అడుగుల అవతల, గేటు దగ్గర పనస చెట్టు కింద నిలబెట్టి, చేతికి కాగితం, పెన్ను ఇచ్చింది. “ఏటి ఇనబడితే అది రాయండి సార్.”

గొట్టంలోంచి వచ్చేసరికి శబ్దమే మారిపోయింది. తుడుం మోత ఎక్కడికో పోయింది. గొట్టం మైకుకు ఆ లోతు పట్టదు. మోరి మాత్రం సూదిలా మిగిలింది. మనిషి గొంతు ఉండే చోటే అదీ ఉంది, ఇరుకు గుమ్మంలో ఇద్దరు ఒక్కసారే దూరబోయినట్టు.

సర్వేశ్వరరావు రాసుకుని వచ్చి, చదివాడు. నాలుగు మాటలు సరిగ్గానే ఉన్నాయి. ఐదోదీ ఆరోదీ ఇలా ఉన్నాయి: “బుధవారం జీపు రావచ్చు. మీరు రోడ్డు మీద కాయాలి.”

కనక తవిటమ్మ వైపు చూసింది. తవిటమ్మే చెప్పింది. “నానన్నది అదికాదు బాబూ. బుధవారం జీపు రాదు, మీరు రోడ్డు మీద కాయొద్దు అన్నాను.”

సర్వేశ్వరరావు కాగితాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. “నా మాట విని మోరి పెంచావు. పెంచమన్నవాడిని నేను,” అన్నాడు. “జీపును ఆపుతాను. నువ్వు కొత్తది చెయ్యి. నేను గదిలోకి రాను.”

“రండి సార్,” అంది కనక. “నోరు మాత్రం మూసుకుని కూకోండి.” అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన గట్టిగా నవ్వేశాడు.

కొత్త పని తవిటమ్మతో మొదలైంది. గొంతు దిగిపోతోందని చెప్పడానికి కనకకు మొహమాటం. ఎందుకు దిగిపోతుందో తెలుసు కదా. కానీ చెప్పక తప్పలేదు. తవిటమ్మ విని అంది. “పోయిన మా గుంట తలపుకొస్తాది కనకా, అక్కడికొచ్చేతలికి. మాట కిందికెళిపోతాది. సరే. గుంటడు నిప్పు మీద సెయ్యెట్టబోతే ఎలాగరుస్తాం? అలాగంటాను, ఉండు.” మైకు ముందు కూర్చుని అంది: “అలకొద్దు. ఇన్నారా? మూడు నెలలు గోడలు అలకనే అలకొద్దు.” ముల్లు రెండుసార్లూ సున్నాకు మూడు గీతల కిందే నిలబడింది. కనక బొటనవేలు పైకెత్తి చూపింది.

తర్వాత మోరి. ఈసారి మాటల కింద మోరి ఒక్కటే నడిపి చూసుకుని, ముల్లు తన మూల నుంచి కదిలీ కదలనట్టు ఉండేంత వరకు దించింది. సున్నాకు పదిహేను, పద్దెనిమిది గీతల కింద. ఆ చోటు మరిచిపోకుండా ఫేడరు పక్కన తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి గీత గీసింది. మోరి ఒంటరిగా మోగే చోటుకు ఇంకో గీత. ఇంక చేయి ఆ రెండు గీతల మధ్యే తిరగాలి.

చేతి తొందరను ఆపడమే కష్టమైంది. గొంతు రాకముందే ఒక క్షణం ముందుగా, మెల్లగా దించాలి. గొంతు వచ్చాక దించితే మొదటి మాట పోతుంది. గొంతు ఆగాక మాత్రం వెంటనే లేపకూడదు. మనసులో ‘ఒకటి, రెండు’ అనుకుని, అప్పుడు కూడా తోసెయ్యకుండా పాలు పొంగినట్టు నెమ్మదిగా లేపాలి. తవిటమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా లేపితే, మోరి తలుపు చాటు నుంచి తొంగిచూసినట్టు లేస్తూ పడుతూ విసిగిస్తుంది. అందుకని ఊపిరికి లేపదు, ఒక విషయం పూర్తయిన చోటే లేపుతుంది. ఐదుసార్లు చెడింది. ఆరోసారి కుదిరింది.

అయ్యాక హెడ్‌ఫోను శబ్దాన్ని తగ్గించుకుంటూ పోయింది, దాదాపు ఏమీ వినబడనంత దాకా. చివరికి మిగిలింది మాటలే. మోరి ఎప్పుడో మాయమైంది. ముందు క్యాసెట్టును అలాగే తగ్గించి వింటే చివరికి మోరి మిగిలింది, మాటలు పోయాయి. ఆ తేడా విని సర్వేశ్వరరావు తల ఊపాడు. మాట మాత్రం మాట్లాడలేదు.

భీముడు ఆ సాయంత్రం వచ్చాడు. కొత్త క్యాసెట్టు వినిపించమన్నాడు. విన్నాడు. మొహం ముడుచుకుపోయింది.

“ఓలమ్మా, నా మోరి పీక నొక్కీసినావు కదే.”

“అది కాదు తాతా...”

“ఏది కాదు? మొదటిదానికి జనం చిందేసినారు. దీనికి ఎవులేత్తారు? నా ఊదుడు ఆ తవిటమ్మ మాటల కింద పేడలో పురుగులాగ కదుల్తన్నాది.”

కనకకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సోములమ్మ గోడ సంగతి చెప్పింది. నాలుగిళ్ల సంగతి చెప్పింది. భీముడు వింటూ కూర్చున్నాడు. చుట్ట ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకోలేదు.

“అయితే నా మోరి ‘వద్దు’ని మింగీసినాదన్నమాట,” అన్నాడు చివరికి.

“మింగించినాది నా సెయ్యి తాతా. మోరిదేటి తప్పు?”

ముసలాయన చుట్ట పక్కన పెట్టాడు. “పెళ్లిలో ఆడోళ్లు పాటెత్తుకుంటే నాను ఊదను. ఊపిరి బిగబట్టి నిలబడతాను. ఆళ్లు చరణం దించినాక అందుకుంటాను. అక్కడ ఎంతసేపు ఊదినా ఎవులూ కాదనరు. దీన్లో నాకు అలాటి చోటేది? నువ్వు రెండు అంకెలు లెక్కెట్టి లేపుతున్నావు, లేచీలేవకుండానే ఈవిడ మళ్లీ మొదలెడతన్నాది.”

ఆ మాటలో న్యాయం ఉందని కనకకు వెంటనే తెలిసింది. తను మోరిని దించడం ఒక్కటే చూసింది, దానికి చోటివ్వడం చూడలేదు. మర్నాడు తవిటమ్మ గొంతు టేపును మధ్యమధ్య ఆపుతూ, మందు ఎందుకు, ఎవరు కొడతారు, అలకొద్దు, జ్వరమొస్తే రక్త పరీక్ష, మాత్రలు అని ఐదు ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య ఎనిమిది సెకన్ల ఖాళీ పెట్టి నకలు తీసింది. ఆ ఖాళీల్లో మోరి పై గీత దాకా లేచింది. ఏ అడ్డూ లేకుండా, తుడుంతో సహా పూర్తిగా మోగి, తర్వాత మాటకు దారిచ్చి దిగింది. మొదట పావు నిమిషం, చివర అర నిమిషం ఒట్టి మోరే. భీముడు రెండుసార్లు విన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “ఆ నాలుగో ఖాళీలో ఊపిరి తడబడ్డాది. మళ్లీ ఊదుతాను, రికార్డు సెయ్యి,” అన్నాడు. మళ్లీ ఊదాడు.

సంతకు కనక తనే వెళ్లింది. జీపు దగ్గర నిలబడలేదు. కుండల వాళ్లను దాటి, ఎండు చేపల బుట్టల దగ్గర, జీపు సగం కనబడీ కనబడనంత దూరాన నిలబడింది. మోరి మోగింది. జనం తలలు తిప్పారు. మోరి దిగింది, తవిటమ్మ మాట వచ్చింది. అయిపోయాక కనక ముక్కూమొహం తెలియని ఐదుగురిని ఆపి అడిగింది. ‘ఇనబడినాదా?’ అని అడగలేదు. అలా అడిగితే మర్యాదకు అందరూ ఇనబడిందనే అంటారు. “ఏటి సెప్పినాది?” అని అడిగింది.

అల్లం బస్తా మోసుకెళ్తున్న ఒకామె, “గోడలు అలకొద్దంట, మూడు నెలలు” అంది. ఒక ముసలాయన, “అలకొద్దని అరుస్తన్నాది ఆయమ్మ” అన్నాడు. మరో ఇద్దరు అదే చెప్పారు. ఐదో ఆయన మేకను బేరమాడుతూ అసలు వినలేదు. కనక ఊపిరి పీల్చుకుంది. ఐదులో నాలుగు. ఆ ఐదో ఆయన విషయంలో ఏ ఫేడరూ ఏమీ చెయ్యజాలదు.

సోములమ్మ ఊరికి మాత్రం ఆ క్యాసెట్టు ఆలస్యంగానే చేరింది. అలికిన ఇళ్లకు మళ్లీ మందు కొట్టే జట్టు ఆగస్టు దాకా రాలేదు. జులైలో, జోరు వానల్లో సోములమ్మ మనవడు మంగ్లుకు జ్వరం వచ్చింది. ఆరేళ్లవాడు. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. కనక ఆస్పత్రిలో మూడు రోజులు వాడి మంచం పక్కనే ఉంది. నాలుగో రోజు వాడు లేచి కూర్చుని అన్నం అడిగాడు. అలికిన గోడ వల్లే జ్వరం వచ్చిందని ఎవరూ చెప్పలేరు. అలకని ఇళ్లలోనూ ఇద్దరికి వచ్చింది. డాక్టరు ఆ మాటే అన్నాడు, సోములమ్మా అదే అంది. “నీ మీదెందుకేసుకుంటావే? దోమకి ఏ ఇల్లయితే ఏటి.” ఆ మాట కనకకు కొంత ఊరట, పూర్తి ఊరట కాదు. ఆ వానాకాలమంతా ఏ క్యాసెట్టు కలిపినా, ఫేడరు మీద చేయి వేసిన ప్రతిసారీ వాడి కాలిపోతున్న నుదురు ఆమె అరచేతికి గుర్తొచ్చేది.

ఆగస్టులో జట్టు వచ్చి మళ్లీ మందు కొట్టింది. తెల్ల చారలు పడ్డాయి. సోములమ్మ వాటిని చూసి రోజూ సణుగుతూ, దసరా వెళ్లేదాకా మట్టి ముట్టుకోలేదు.

ఐదేళ్లకు గదిలోకి కంప్యూటరు వచ్చింది. దాంతో పాటు నేర్పడానికి ప్రసన్న అనే అమ్మాయి పట్నం నుంచి వచ్చింది. తెర మీద గొంతు ఒక పట్టీ, సంగీతం ఒక పట్టీ. “ఇక ఫేడరు పట్టుకోనక్కర్లేదు అక్కా. గొంతు రాగానే సంగీతాన్ని ఇదే దించుతుంది, గొంతు ఆగితే ఇదే లేపుతుంది” అని ఒక బటను నొక్కి చూపించింది. కనక విని మురిసిపోయింది. రెండోసారి విని తల అడ్డంగా ఊపింది. గొంతు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా సంగీతం లేచి పడుతోంది.

“ఇదెంతసేపు ఆగి లేపుతున్నాదమ్మా?”

“అర సెకను. కావాలంటే మార్చవచ్చు.”

“రెండు సెకన్లు పెట్టు. లేపేటప్పుడు ఇంకా మెల్లగా. దించేది మాత్రం మాట రాకముందే దించాల.”

ప్రసన్న మార్చింది. ఇద్దరూ విన్నారు. “ఎక్కడ నేర్చుకున్నారక్కా?” అని ప్రసన్న అడిగితే, కనక “ఈ గదిలోనే” అంది.

తర్వాతి ఏడాది కొండ మండలాల నుంచి నలుగురు ఆడపిల్లలు పని నేర్చుకోవడానికి వచ్చారు. ఒకామె కురుపాం నుంచి వచ్చింది. మొదటి రోజు కనక వాళ్లను కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. సంతకు తీసుకెళ్లి, జీపు దగ్గర కాకుండా, ఎండు చేపల బుట్టల అవతల నిలబెట్టి, ఒక్కొక్కరి చేతికి కాగితం, పెన్ను ఇచ్చింది.